సవరణ: భారీ రక్తమార్పిడిలో కాల్షియం

“నాలుగు యూనిట్ల రక్తం తర్వాత ఒక ఆంప్యూల్ కాల్షియం అని రాశారు. ఏ కాల్షియం?” అని ఒక పాఠకుడు అడిగారు.

10 శాతం క్లోరైడ్ 10 మి.లీ.లో సుమారు 270 మి.గ్రా. కాల్షియం ఉంటుంది, గ్లూకోనేట్‌లో 93 మాత్రమే. కాబట్టి ఆ వాక్యాన్ని ‘క్లోరైడ్ 1 గ్రాము లేదా గ్లూకోనేట్ 3 గ్రాములు’ అని చదువుకోండి. రక్తం ఎక్కే గొట్టంలో మాత్రం ఇవ్వకూడదు, గడ్డకడుతుంది.

కటి ఎముక విరిగినవారికి ఆరు ఎర్రకణాల సంచులు, ఆరు ప్లాస్మా, ఒకే దాత నుంచి యంత్రంతో తీసిన ఒక ఎఫెరిసిస్ ప్లేట్‌లెట్ల సంచి వెళ్లాయనుకుందాం. నిష్పత్తి 1:1:1 సరిపోయింది. (ఆ ఒక్క సంచి దాదాపు ఆరింటికి సమానం.) అయినా రక్తపోటు పడిపోతోంది, సూది గుచ్చిన చోటల్లా రక్తం ఊరుతోంది. అయనీకృత కాల్షియం లీటరుకు 0.8 మిల్లీమోల్, ఒంటి వేడి 34 డిగ్రీలు, రెండూ తక్కువే. రక్తం గడ్డకట్టకుండా సంచుల్లో కలిపే సిట్రేట్ కాల్షియాన్ని పట్టేస్తుంది. ఆ సిట్రేట్‌ను కరిగించాల్సిన కాలేయం చలికి, రక్తం అందక మందగిస్తుంది. మొత్తం కాల్షియం పరీక్ష ఇక్కడ పనికిరాదు, సిట్రేట్ పట్టినదాన్నీ లెక్కేస్తుంది.

కాల్షియం ఇస్తూనే రక్తాన్ని వార్మర్ గుండా పంపాలి. గడ్డకట్టే పరీక్షలు ప్రయోగశాలలో 37 డిగ్రీల దగ్గరే జరుగుతాయి. అందుకే చలి తెచ్చిన లోపం ఆ కాగితంలో కనిపించదు.