ఒకే డబ్బాలో పుట్టిన ముగ్గురు

మాఘమాసంలో అనంతపురంలో జరిగిన పెళ్లికి మా బావగారు ఒకే గిఫ్టు డబ్బాలోంచి తీసిన బెల్టు, వాచీ, చేతిసంచీలతో వేంచేశారు. మూడింటిదీ ఒకే ఎర్రమన్ను రంగు, ఒకే మొసలి చర్మపు అచ్చు, ఒకే తళతళ. ఏడాదిలో చాలా నెలలు ఇసుకే కనిపించే పెన్న ప్రవహించే జిల్లాలో, ఒక్క మనిషి మీద ఇన్ని మొసళ్లను చూసి పెళ్లివారు నిర్ఘాంతపోయారు.

"అన్నీ మ్యాచింగే కదప్పా, ఇంకేం తక్కువ?" అని ఆయన నన్ను నిలదీశారు. తక్కువేమీ లేదు, ఎక్కువే ఉంది. పక్కనే ధర్మవరం పట్టుచీర కట్టుకుని కూర్చున్న మా అక్కను చూపించాను. చీర ఒక రంగు, అంచు వేరొక రంగు. అయినా రెంటిలోనూ మెరిసే జరీ ఒక్కటే కనుక చీర అతుకులబొంతలా కనిపించదు. మగవాడి అలంకారంలో ఆ జరీ పని చేసేది లోహం. బెల్టు బకిల్, వాచీ కేసు, సంచీ జిప్పు ఒకే లోహపు ఛాయలో ఉంటే తోళ్లు కొంత వేరైనా చుట్టాల్లాగే కనిపిస్తాయి. తోళ్లు ఒకటై లోహాలు మూడు రకాలైతే మాత్రం దాయాదుల్లా కనిపిస్తాయి. పెళ్లి ఉంగరానికి ఈ చట్టం వర్తించదు, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

బావగారి బూట్లు నల్లవి కనుక మొదట బెల్టును నల్లది, నున్ననిది చేశాము, ఎందుకంటే బెల్టు జవాబు చెప్పవలసింది బూట్లకే, వాచీకి కాదు. వాచీ స్థానంలో వాళ్ల నాన్నగారి పాత స్టీలు హెచ్ఎంటీని నల్లపట్టీతో కట్టాము, బకిల్ కూడా వెండిరంగుదే చూశాము. బూట్లకు దూరంగా చేతిలో వేలాడుతుంది కనుక సంచీకి మాత్రం స్వాతంత్ర్యమిచ్చి, ముదురు గోధుమరంగుది, వెండిరంగు జిప్పున్నది ఎంచాము. మొసలి అచ్చు మీద ఆయనకున్న మమకారాన్ని గౌరవించి దాన్ని ఏదో ఒక్క వస్తువుకే పరిమితం చేయమన్నాను; ఆయన పట్టీని కోరుకున్నారు.

డబ్బావారు చెప్పని రహస్యం ఒకటుంది: ఆ ముగ్గురు కవలలూ ఎంతోకాలం కవలలుగా ఉండరు. మన ఎండల్లో పట్టీ చెమట తాగి నల్లబడుతుంది, సంచీ స్కూటరు మీద వెలిసిపోతుంది, బెల్టు రోజూ పెట్టుకునే రంధ్రం దగ్గర మడతపడి పగులుతుంది. తోలుపొడిని అంటించి చేసిన చవకరకమైతే పైపొర పొట్టులా లేచిపోతుంది. మొదటినుంచీ కాస్త తేడాగా ఎంచిన వస్తువుల్లో ఈ మార్పు కనిపించదు; ఒకేలా కొన్నవాటిలో మాత్రం ఇది మొదట కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

బావగారు ఒప్పుకున్నారు గానీ, డబ్బా పారేయడానికి మనసొప్పలేదు. అందులో ఇప్పుడు మా అక్క గాజులు ఉన్నాయి, రెండు చేతులకూ సరిపోయే అచ్చంగా ఒకేలాంటి రెండు డజన్లు.