ఒకే స్టాఫ్ రూం, మూడు క్యాలెండర్లు

కాలం అందరికీ ఒకేలా నడవదన్న ఫిజిక్స్ పాఠానికి రుజువు కావాలంటే ప్రయోగశాల దాకా వెళ్లనక్కర్లేదు. ఏ ప్రభుత్వ జూనియర్ కళాశాల స్టాఫ్ రూంలోకి తొంగిచూసినా చాలు. ఆ పాఠాన్నే చెప్పే రెగ్యులర్, కాంట్రాక్ట్, గెస్ట్ లెక్చరర్లు ముగ్గురూ అక్కడ ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఉంటారు.

రెగ్యులర్ లెక్చరర్ గడిపిన ప్రతి ఏడూ సర్వీసు రిజిస్టరులోకి ఎక్కి, ఇంక్రిమెంటుగానో, ప్రిన్సిపాల్ పదోన్నతికి సీనియారిటీగానో తిరిగి ఆయన దగ్గరకే వస్తుంది. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవారికి పాత పింఛను లేదన్న దిగులు ఉన్నా, ఆ దిగులు పడటానికైనా ఉద్యోగం ఉంటుందన్న భరోసా ఆయనది.

కాంట్రాక్ట్ లెక్చరర్‌ది పునర్జన్మ సిద్ధాంతం. ఏడాది చివర కాంట్రాక్టు ముగిశాక ఒక్క రోజు 'బ్రేక్' ఇచ్చి, మర్నాడు అదే కుర్చీలో, అదే పాఠానికి, కొత్త మనిషిగా నియమించే ఆచారం చాలాకాలం సాగింది. నిన్నటి జవాబు పత్రాల కట్ట ముగియకపోతే, ఆ ఒక్క రోజు ఆయన నిరుద్యోగిగానే దిద్దాడన్నమాట. ఉమాదేవి కేసులో 2006 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు, మంజూరైన పోస్టుల్లో కోర్టు ఉత్తర్వుల అండ లేకుండా పదేళ్లు, అంతకు పైగా పనిచేసిన అర్హులను ఒక్కసారికి క్రమబద్ధీకరించే విషయం చూడమన్న తర్వాత, పదేళ్లు ఎడతెగకుండా పనిచేశారా అన్న ప్రశ్నకు ఆ ఒక్క రోజు ఎంత ఉపయోగపడే జవాబో వేరే చెప్పాలా?

జీతం మాటకొస్తే, సమాన పనికి సమాన వేతనమని అదే కోర్టు 2016లో తీర్పిచ్చి, తాత్కాలిక ఉద్యోగులకు స్కేలులోని కనీస వేతనం ఇమ్మంది. న్యాయమే, కాకపోతే స్కేలు నిచ్చెన అయితే, ఆయనకు దక్కేది మొదటి మెట్టు ఒక్కటే. మూలవేతనం 50 వేలు, ఏటా ఇంక్రిమెంటు 3 శాతం అనుకుని లెక్క వేస్తే, పీఆర్సీ ఊసు లేకుండానే రెగ్యులర్ ఆయన పదేళ్లకు 67 వేలు దాటతాడు. కాంట్రాక్ట్ ఆయన అనుభవం పదేళ్లు పెరిగినా, మూలవేతనం మాత్రం చేరిన రోజు నాటి యవ్వనంతోనే ఉంటుంది.

గెస్ట్ లెక్చరర్‌కు చెప్పిన పీరియడుకే డబ్బు కాబట్టి ఏడాదులతో పనే లేదు, ఆయన కాలాన్ని కొలిచేది గంట కొట్టే అటెండరు. దసరా, సంక్రాంతి, పరీక్షలు, వేసవి అన్నీ ఆయనకు సున్నాలే. తుపాను వల్ల కలెక్టరు గారు రెండు రోజులు సెలవు ప్రకటించిన సాయంత్రం పిల్లలు కేకలు వేస్తూ గేటు దాటుతుండగా, ఒక గెస్ట్ లెక్చరర్ ఆఫీసు గదిలోకి వచ్చి, "సీనియర్ అసిస్టెంటు గారూ, ఈ సెలవు మాక్కూడానా?" అని అడిగాడు. "మీకు సెలవేమిటి మాస్టారూ, మీకు పీరియడ్లే లేవు" అని సీనియర్ అసిస్టెంటు ఆయన బిల్లులో ఆ రెండు రోజుల గడులు కొట్టేశాడు.