ఆ చుక్కల్లో ఏమీ లేదు

చనిపోయిన అమ్మానాన్నల వాట్సాప్ మెసేజ్‌లు స్క్రీన్‌షాట్ తీసి దాచుకోవడం ఇప్పుడు దాదాపు అందరూ చేస్తున్నదే. దాచుకోండి, రోజూ చదువుకోండి, ఏడుపొస్తే ఏడవండి. నా గొడవల్లా ఒక్కటే, వాళ్లు రాయనిది అందులో చదవకండి.

నాకు తెలిసినావిడ ఒకరు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తారు, వాళ్ల నాన్నగారు తెనాలిలో ఒక్కరే ఉండేవారు. ఆయన గుండెపోటుతో పోయిన రాత్రి ఈవిడ చాట్ తెరిచి, కంటికి కనపడిన ఒక్క లైను స్క్రీన్‌షాట్ తీసి, చుట్టూ ఉన్నదంతా కత్తిరించి దాచుకున్నారు. 'వీలైతే ఫోన్ చెయ్యమ్మా....' అన్నది ఆ లైను. అది ఆయన పోవడానికి నాలుగు రోజుల ముందుది, ఆవేళ మీటింగులో ఉండి ఈవిడ ఫోన్ చెయ్యలేదు. ఇంకేముంది, నాన్నకి అప్పటికే ఒంట్లో బాగాలేదు, చెప్పలేక ఆ చుక్కలు పెట్టి ఆపేశారు, నేనే పట్టించుకోలేదు అని నెలల తరబడి కుమిలిపోయారు. మళ్లీ చాట్ తెరిచే ధైర్యం మాత్రం చెయ్యలేదు.

చివరికి తమ్ముడు తెరిచాడు. ఆ లైనుకి పైన ఉన్నది 'బండ వచ్చింది. నంబరు అడుగుతున్నాడు'. గ్యాస్ కనెక్షన్‌కి కూతురి నంబరే ఇచ్చి ఉన్నారు, డెలివరీ కోడ్ ఆవిడ ఫోన్‌కే వస్తుంది, ఆ కోడ్ చెప్తేగానీ బండ ఇవ్వనని ఆ కుర్రాడు గుమ్మంలో నిలబడ్డాడు. కింద ఈవిడ మీటింగులోంచే పంపిన నాలుగంకెలు ఉన్నాయి, దాని కింద 'ఇచ్చేశాడు....' అని నాన్నగారి జవాబు ఉంది. చుక్కల సంగతా? 'పాలు తెచ్చాను....', 'కరెంటు వచ్చింది....'. ఆయన వాక్యం ముగించే పద్ధతే అది, అందులో దాచిన దుఃఖం ఏమీ లేదు.

ఇక్కడ తప్పంతా ఆ కత్తిరింపుది. పై మెసేజ్ పోతే 'సరే' అన్న మాట దేనికి జవాబో తెలీదు, తేదీ కూడా చిక్కే. చాట్‌లో అప్పటికప్పుడు తీసిన స్క్రీన్‌షాట్ మీద 'ఈరోజు' అనో 'నిన్న' అనో ఉంటుంది, అసలు తేదీ ఫొటో వివరాల్లో వెతుక్కోవాలి. దాన్ని వాట్సాప్‌లో ఇంకొకరికి పంపితే వాళ్ల ఫోన్లో కనపడేది అందిన తేదీ, తీసిన తేదీ కాదు. ఏడాది కిందటి మామూలు మాట ఆఖరి మాటగా మారిపోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? అందుకే చాట్ ఇంకా ఫోన్లో ఉంటే పైనా కిందా నాలుగు మెసేజ్‌లు కలిపి మళ్లీ తీసుకోండి, 'ఎక్స్‌పోర్ట్ చాట్' నొక్కి మొత్తం ఫైలుగా ఇంకోచోట కూడా పెట్టుకోండి. పాత చాట్ లేనివాళ్లు ఆ ఒక్క లైనుని ఒక్క లైనుగానే ఉంచుకోవాలి, తప్పదు.

పోయినవాళ్ల మాటలో నాలుగు మంచి అర్థాలు వెతుక్కుంటే నీకేం నష్టం అంటారు. వాళ్ల ఓదార్పు వాళ్లది, నిజమే, నేనెవర్ని కాదనడానికి? కాకపోతే లేని దీవెనని చదవగలిగిన మనసు లేని నిందనీ అంతే తేలిగ్గా చదువుతుంది. పైన చెప్పినావిడకి జరిగింది అదే. ఆవిడకి ఊరట ఇచ్చింది కల్పన కాదు, గ్యాస్ బండ. నాన్న అడిగారు, నేను నిమిషాల్లో పంపాను, పని అయిపోయింది. ఇది జరిగిన సంగతి, ఎవరూ తీసెయ్యలేరు.

అసలు మనకి ఈ జబ్బు స్క్రీన్‌షాట్లతో మొదలవ్వలేదు. పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర కూర్చోండి, 'ఆయనకి ముందే తెలిసిపోయిందండీ, మొన్న ఎందుకో బీరువా తాళాలు చూపించారు' అని ఒకాయన అంటాడు, పక్కనున్న నలుగురూ తలూపుతారు. ఏటా రెండుసార్లు తాళాలు చూపించే మనిషి గురించి ఈ మాట. 1975లో బరూక్ ఫిష్‌హాఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరికి బ్రిటిష్-గూర్ఖా యుద్ధం గురించి చదవడానికిచ్చి, అది ఇలా ముగిసిందని ఒక ఫలితం కూడా చెప్పాడు. ఆ ఫలితమే వస్తుందని ముందే అనిపించేదన్నట్టు జవాబులిచ్చారు, ఫలితం చెప్పనివాళ్లకి అలా అనిపించలేదు. చావు తెలిశాక వెనక్కి చదివితే ప్రతి మెసేజూ వీడ్కోలులాగే ఉంటుంది మరి.

పోయిన ప్రతి తండ్రీ మనకి జ్ఞాని కావాలి, ప్రతి తల్లీ దేవత కావాలి. ఫ్లెక్సీ మీద మబ్బుల మధ్య ఫొటో పెట్టి, పక్కన ఆయన జన్మలో అనని వేదాంతం రాయిస్తాం. 'బీపీ మాత్ర వేసుకున్నావా', 'పెసరట్టు మాడింది' అని రాసిన మనిషి మనకి సరిపోవట్లేదు. బంధువులకి ఒక మాట, ఈసారి పరామర్శకి వెళ్లినప్పుడు 'ఆఖరి మాట ఏమన్నారు' అని అడగడం మానేసి, మామూలుగా ఏం పంపేవారో అడగండి, ఆ పిల్లలు ఫోన్ తీసి చూపిస్తారు.