యాభై-ముప్పై-ఇరవై లెక్క మా తమ్ముడి జీతం దగ్గర ఎక్కడ తప్పింది

"జీతం పదివేలైనా లక్షైనా 50-30-20 రూలు ఒక్కటే. సగం అవసరాలకి, 30 శాతం సరదాలకి, 20 శాతం పొదుపుకి. ఆ ఇరవై ముందే పక్కన పెట్టెయ్యండి, మిగతావి అవే సర్దుకుంటాయి. పద్దులు రాసే పనే ఉండదు. రూపాయి రూపాయికీ లెక్క కట్టే జీరో బడ్జెట్ కంపెనీలకి. చిన్న జీతగాళ్ళకి అది టెన్షన్ తప్ప ఇంకేం కాదు."

మా చుట్టాల గ్రూపులో మూడుసార్లు తిరిగిన మెసేజ్ ఇది. మా తమ్ముడు నమ్మి నాలుగు నెలలు పాటించాడు. వాడు విజయనగరంలో ఒక మందుల హోల్‌సేల్ షాపులో బిల్లింగ్ చేస్తాడు. చేతికొచ్చేది 18,400.

ముందు ఆ 'సగం' చూద్దాం. 18,400లో సగం 9,200. ఇంటి అద్దె 5,000, కిరాణా 4,200. అక్కడికే సగం అయిపోయింది. పాలు, కూరలు, గ్యాస్, కరెంటు, పెట్రోలు, పాప ఫీజు, అమ్మ మందులు, రెండు ఫోన్ల రీఛార్జ్ కలిపి ఇంకో 7,700. మొత్తం 16,900, అంటే జీతంలో దాదాపు 92 శాతం. ఇందులో దుబారా ఎక్కడుందో నాకైతే కనిపించలేదు. ఈ రూలు 2005లో ఎలిజబెత్ వారెన్, ఆవిడ కూతురు అమెరికా కుటుంబాల కోసం రాసిన పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. మన ప్రభుత్వ గృహ వినియోగ సర్వే 2022-23 ప్రకారం ఇంటి ఖర్చులో తిండి వాటాయే పట్నాల్లో సుమారు 39 శాతం, పల్లెల్లో 46. జీతం తగ్గేకొద్దీ ఆ వాటా పెరుగుతుంది గానీ తగ్గదు. జీతం తగ్గితే రూలు ఇచ్చే సగమూ తగ్గుతుంది, బియ్యం బస్తా ధర మాత్రం జీతాన్ని చూసి తగ్గదు కదా.

మావాడికి అసలు దెబ్బ తగిలింది పొదుపు దగ్గర. ఒకటో తారీఖునే 3,680 ఆర్డీలో వేసేవాడు. మిగిలింది 14,720, ఖర్చు 16,900. ఇరవయ్యో తారీఖు దాటగానే చేబదులు, నూటికి నెలకి మూడు రూపాయల వడ్డీకి. నాలుగు నెలలకి అప్పు 8,800 అయింది, దాని వడ్డీ నెలకి 264. ఆర్డీలో అప్పటికి 14,720 ఉంది. ఏడు శాతం వడ్డీ అనుకున్నా దాని మీద నెలకి వచ్చేది 86 రూపాయలు. "ఏటన్నయ్యా, దాచినకొద్దీ అప్పు పెరుగుతోంది?" అన్నాడు. పెరగదా మరి! పాస్‌బుక్ చూసుకుంటే పొదుపులా ఉండేది, అంతే.

నవంబరులో ఆర్డీ మూసేసి అప్పు తీర్చాడు. మిగిలిన ఐదువేల చిల్లర ఆపదకని వేరే ఖాతాలో ఉంచాడు. ఆ రాత్రి మా మరదలు పాప పాత నోట్‌బుక్ వెనక పేజీలు తిప్పి గీతలు గీసింది. పైన 18,400. కింద తారీఖు ఉన్నవి ముందు: అద్దె, ఫీజు, కరెంటు. తర్వాత తిండి, వారాలుగా విడగొట్టి. "ఐదు ఆదివారాలొచ్చిన నెల చికెన్ ఎలా బావగారూ?" అని అడిగిందావిడే. శాతాల లెక్కలో ఈ ప్రశ్నకి చోటే లేదు. రీఛార్జ్ కూడా అంతే. 28 రోజుల ప్లాను ఏడాదికి పన్నెండుసార్లు కాదు, పదమూడుసార్లు వేయించాలి. అందుకే 600 బదులు 650 రాసుకున్నారు.

నెలనెలా రానివి వేరే రాశారు: సంక్రాంతికి 3,000, జూన్‌లో పుస్తకాలు, యూనిఫాం 4,500, ఆగస్టులో బండి ఇన్సూరెన్స్ 1,500, సిరిమానోత్సవానికి చుట్టాలొస్తారు కాబట్టి 3,000. మొత్తం 12,000, నెలకి వెయ్యి. ఇక మిగిలిన 450లో 300 సరదాకి, 150 ఆపద ఖాతాకి. చివర సున్నా. ఆ మెసేజ్ వద్దన్న జీరో బడ్జెట్ ఇదే. ఖాతా ఖాళీ అని కాదు దానర్థం, పని చెప్పని రూపాయి మిగల్లేదని.

పద్దులు రాయడం విసుగన్నమాట నిజమే. మొదటి రెండు నెలలు అంచనాలు తప్పాయి, కూరలకి రాసింది చాల్లేదు. అలాంటప్పుడు సరదా డబ్బులోంచి తీసి కూరల్లో కలిపి రాసుకోవాలి, బయట చెయ్యి చాచకూడదు. అన్నీ ఒకే ఖాతా నుంచి ఫోన్లో స్కాన్ చేస్తే ఈ లెక్క నిలవదు కూడా. ఆ సంగతి తెలిశాకే తిండి డబ్బు వారంవారం మరదలి ఖాతాకి పంపడం మొదలుపెట్టాడు.

కంపెనీల మాటకొస్తే, 1970 ప్రాంతంలో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీలో పీటర్ పిర్ ఈ పద్ధతిని మొదలుపెట్టాడు, నిజమే. అయితే ఏమిటి? ఇంటికి తీసుకున్నది పేరు, ఆలోచన. వాళ్ళ ఫైళ్ళు కాదు.

శాతాలు ఎందుకూ పనికిరావని నేననను. అవసరాలు జీతంలో సగం దగ్గర ఆగే ఇంట్లో అవి హాయి. రోజుకో రకంగా సంపాదించే ఆటో అతనికి సాయంత్రం వచ్చినదాంట్లో ఇంత శాతం తీసి పెట్టడమే సులువు. ఖర్చే జీతాన్ని మించితే మాత్రం రెండు పద్ధతులూ గట్టెక్కించలేవు. కాకపోతే సున్నా లెక్కలో ఆ లోటు ఒకటో తారీఖునే కనిపిస్తుంది, శాతాల్లో ఇరవయ్యో తారీఖున.

జనవరిలో మూడువేలూ పండక్కే పోయాయి. జూన్‌కి మళ్ళీ ఐదువేలు చేరాయి. పుస్తకాలు కొన్నాక ఐదొందలు మిగిలాయి, అవి బండి ఇన్సూరెన్స్ లెక్కలోకి వెళ్ళాయి.