సవరణ: మాస్క్ సాఫ్ట్‌మాక్స్‌కు ముందే వేయాలి

"సాఫ్ట్‌మాక్స్ తర్వాత రాబోయే టోకెన్ల బరువులను సున్నా చేస్తే చాలన్నారు. మరి వరుస మొత్తం 1 రావడం లేదేమిటి?" — చిత్తూరు పాఠకురాలు

తప్పు నాదే. భాషా మోడల్ అటెన్షన్‌లో ఒక్కో టోకెన్ మిగతా టోకెన్లను ఎంత పట్టించుకోవాలో స్కోర్లు చెబుతాయి; సాఫ్ట్‌మాక్స్ వాటిని మొత్తం 1 వచ్చే బరువుల వరుసగా మారుస్తుంది; రాబోయే టోకెన్లను దాచేది మాస్క్. "తిరుపతి నుంచి చిత్తూరుకు బస్సు" నాలుగు టోకెన్లు, స్కోర్లన్నీ సమానం అనుకుందాం. నా పద్ధతిలో "నుంచి" వరుస 0.25, 0.25, 0, 0 అవుతుంది. మొత్తం సగమే. అంతకన్నా పెద్ద దోషం, ఆ 0.25 లెక్కలోని హారంలో "బస్సు" స్కోరు కూడా ఉంది. అది మారితే ఇవీ మారతాయి. ఇది దొంగచూపే!

ప్రతి అటెన్షన్ హెడ్‌లోనూ రాబోయే టోకెన్ల స్కోర్లను సాఫ్ట్‌మాక్స్‌కు ముందే `-inf` చేయాలి. అప్పుడు 0.5, 0.5, 0, 0 వస్తుంది. శిక్షణలో వాక్యమంతా ఎదురుగా ఉంటుంది కానీ, మోడల్ సొంతంగా రాసేటప్పుడు "బస్సు" ఇంకా పుట్టి ఉండదు. చివరి టోకెన్ మార్చి చూడండి, ముందు స్థానాల ఫలితాలు కదలకూడదు.