దూల తీరిపోయిందండీ

ఆ మధ్య ఒక మాస్టారి పదవీ విరమణ సభకు వెళ్ళాను. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పిన మనిషి. క్లాసులో ఎవరైనా 'వచ్చిండ్రు' అన్నా 'వచ్చారండి' అనిపించేదాకా వదలని మనిషి. ఆయన మైకు ముందుకొచ్చి, పెన్షన్ కాగితాల సంగతి చెబుతూ, "ఆ ఫారాలు నింపేసరికి దూల తీరిపోయిందండీ" అన్నారు. సభ చప్పట్లు కొట్టింది. ముందు వరుసలో మనవరాలు నవ్వింది. సన్మాన పత్రం చదివిన పెద్దమనిషి తల పంకించాడు. నేనొక్కణ్ణే కుర్చీలో ఇబ్బందిగా కదిలాను. పక్కాయన వంగి, "దోమలు కుడుతున్నాయా?" అని అడిగాడు.

దోమలు కాదు బాబూ, తెలుగు కుట్టింది.

అపార్థం చేసుకోకండి. భాష పాడైపోతోందని గుండెలు బాదుకునే సంఘంలో నేను సభ్యుణ్ణి కాను. నా బాధ దానికి సరిగ్గా వ్యతిరేకం. మన దగ్గర బాగా పదునున్న కొన్ని మాటలుండేవి. అవసరానికి వాడితే ఎదుటివాడి ముఖం ఎర్రబడేది. సినిమావాళ్ళు వాటిని రోజూ వాడి వాడి మొండి చేసేశారు. ఇప్పుడు నాకు నిజంగా కోపం వస్తే వాడటానికి ఏమీ మిగల్లేదు. ఈ నష్టాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు కాబట్టి, దూల అనే ఒక్క మాట సర్వీసు రికార్డును ఇక్కడ సమర్పిస్తున్నాను. దయచేసి లైట్ తీసుకోకండి. చూశారా, నాకూ వచ్చేసింది.

దూల అంటే దురద. అందులో తప్పేమీ లేదు. ముట్టుకుంటే ఒళ్ళంతా గోక్కోవలసి వచ్చే ఒక తీగకు దూలగొండి అనే పేరుంది. కాని వీధిలో ఈ మాటకు ఉన్న ఉద్యోగం వేరు. అక్కడ దూల ఒంటిమీది దురద కాదు, నలుగురిలో చెప్పుకోకూడని దురద. "నీ దూల తీరుస్తా" అని ఒకడు ఇంకొకడితో అన్నాడంటే, అందులో బెదిరింపు ఒకటి, బూతు ఒకటి, రెండూ ఒకే టికెట్టు మీద ప్రయాణం చేస్తున్నాయని అందరికీ తెలుసు. ఇళ్ళలో ఆడవాళ్ళ ముందు, పిల్లల ముందు ఆ మాట వచ్చేది కాదు. వస్తే మాట్లాడినవాడు బయటికి పోయేవాడు.

ఇలాంటి మాట మొదట సినిమాలోకి విలన్ అనుచరుడి నోట్లోంచి వస్తుంది. వాడు చెడ్డవాడు కాబట్టి చెడ్డ మాట అన్నాడని అందరం సర్దుకుంటాం. అసలు మలుపు తరవాత వస్తుంది. వాడి చేతిలో తన్నులు తిన్న హాస్యనటుడు చొక్కా సర్దుకుంటూ వచ్చి, "దూల తీరిపోయింది" అంటాడు. హాలంతా నవ్వుతుంది. ఆ నవ్వుల మధ్య జరిగిన వ్యాకరణ మార్పును ఎవరూ గమనించరు. 'నీ దూల' కాస్తా 'నా దూల' అయింది. తిట్టు కాస్తా మొర అయింది. ఎదుటివాణ్ణి అంటే బూతు, తనను తాను అనుకుంటే జాలి. తన దురద తీరిందని తనే చెప్పుకునేవాడి మీద ఎవరు కేసు పెడతారు?

ఇక్కడ ఇంకొకరు కూడా సాయం చేశారు. ఆమె పేరు 'తీరు'. ఎంత మర్యాద గల క్రియో చూడండి. దాహం తీరుతుంది, అప్పు తీరుతుంది, రుణం తీరుతుంది, మొక్కు తీరుతుంది. ఇంత పరువున్న ఇల్లాలు చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే ఏ దూల అయినా సభా మంటపం ఎక్కుతుంది. తోడు లేని మాటలకు ఈ అదృష్టం ఉండదు.

హాస్యనటుడి తరవాత ప్రమోషన్లు చకచకా వస్తాయి. హీరో స్నేహితుడు అంటాడు. తరవాత హీరో అంటాడు, ఆ రోజుతో అది తిట్టు కావడం మానేసి స్టయిల్ అవుతుంది. చివరి మెట్టు హీరోయిన్. లంగా ఓణీలో ఉన్న అమ్మాయి ట్రాఫిక్‌లో ఇరుక్కుని "దూల తీరిపోయింది నాన్నా" అని తండ్రితో అన్న రోజున ఆ మాట సర్వీసు పర్మనెంట్ అయినట్టే. ఆ తండ్రి పాత్ర ఉలిక్కిపడదు. పాత్ర ఉలిక్కిపడనప్పుడు టికెట్టు కొన్న తండ్రి మాత్రం ఎందుకు ఉలిక్కిపడతాడు? అప్పటికి దూల తీరేది మనుషుల వల్ల కూడా కాదు. ట్రాఫిక్ వల్ల, ఎండ వల్ల, ఫారాల వల్ల.

మరి సెన్సారు ఏం చేస్తోందని మీరు అడగవచ్చు. పాపం, వాళ్ళ పని వాళ్ళు చేస్తున్నారు. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద 1991లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, నీచమైన కోరికలను రెచ్చగొట్టే ద్వంద్వార్థాల మాటలు ఉండకూడదని స్పష్టంగా ఉంది. కాని దూలకు నిఘంటువులో పరువైన అర్థం ఉంది. దురద అండీ, అంతే అంటే ఎవరేం చేస్తారు? నిఘంటువు అడ్డం లేని మాటలకు మాటల రచయిత ఇంకో దారి వెతుకుతాడు. మన సినిమాల్లో చాలా మాటలు షూటింగు తరవాత డబ్బింగులో మళ్ళీ చెప్పిస్తారు. అక్కడ మాట మార్చాలంటే తెర మీది పెదవులతో పొసగాలి. ప, బ, మ పలకాలంటే పెదవులు మూసుకుంటాయి కాబట్టి, 'బొ'తో మొదలైన మాట స్థానంలో 'బొ'తోనే మొదలయ్యే మాట కావాలి. బొచ్చు వద్దంటే బొంగు వచ్చి కూర్చుంటుంది. బొంగు అంటే లోపల డొల్లగా ఉండే వెదురు కర్ర, పరమ సాధువు. కాని ప్రేక్షకుడి చెవి 'బొ' దగ్గరే అసలు మాటను పూర్తి చేసేసుకుంటుంది. మిగతా అక్షరం సెన్సారు కోసం. కొన్నాళ్ళకు బొంగుకు కూడా ఆ వాసన అంటుకుంటుంది, వెదురు గురించి మాట్లాడేవాళ్ళకు ఇబ్బంది మొదలవుతుంది.

ఏ మాటా దొరక్కపోతే శబ్దం తీసేస్తారు. ఇది అన్నిటికన్నా గొప్ప ఉపాయం. పెదవులు కదులుతాయి, మాట వినపడదు. అప్పుడు ఆ మాటను హాలులో ఉన్నవాళ్ళు ముక్తకంఠంతో అందిస్తారు. అంతకుముందు తెర మీద ఒక్కడు అనవలసిన బూతును ఇప్పుడు నాలుగు వందలమంది కలిసి అంటారు.

నిజాయితీగా ఒప్పుకోవలసిన సంగతి ఒకటుంది. ఈ పని సినిమా కనిపెట్టింది కాదు. 'వెధవ' చూడండి. అది సంస్కృతంలోని విధవ. భర్త పోయిన మనిషిని అంటే గుండెలో దిగే మాట. దాన్ని మగవాడికి తగిలించి తిట్టు చేసుకున్నాం, ఆ తిట్టును అరగదీసి ముద్దు చేసుకున్నాం. ఇవాళ తాత మనవణ్ణి ఎత్తుకుని "వెధవా, మీసం లాగుతావురా" అంటే ఆ ఇంట్లో ఎవరికీ విధవ గుర్తు రాదు. తెలుగు నోళ్ళు ఈ పని తరతరాలుగా చేస్తూనే ఉన్నాయి. తేడా ఏమిటంటే వెధవకు కొన్ని తరాలు పట్టింది. దూలకు నా కళ్ళ ముందే అయిపోయింది. కొత్త డైలాగు శుక్రవారం విడుదలైతే సోమవారానికి ఆఫీసులో ఉంటుంది.

పనిలో పనిగా ఇంకో మాట. వీధి మాటలని మనం ముక్కు మూసుకున్న వాటిలో కొన్ని అసలు వీధివే కావు, పక్క ప్రాంతం వాళ్ళ ఇంటి మాటలు. తెలంగాణలో బొక్క అంటే ఎముక. అమ్మ పిల్లవాడితో, డాక్టరు రోగితో అనే మాట. అది తెలియని కోస్తా చెవికి చాలాకాలం రంధ్రాలే వినిపించాయి. రౌడీకీ హాస్యనటుడికీ మాత్రమే తెలంగాణ యాస ఇచ్చి, హీరోకు కోస్తా భాష ఇచ్చినన్నాళ్ళూ లొల్లి లాంటి నిక్షేపమైన మాట కూడా అల్లరి మూకల సొత్తులా కనపడింది. హీరో నోట పలికాక అందరిదీ అయింది. ఈ ఒక్క చోట సినిమా చేసిన దానికి నాకు అభ్యంతరం లేదు. పైగా అది బూతును మామూలు చెయ్యడం కాదు, మామూలు మాట మీద మనం వేసిన నింద తీసెయ్యడం.

ఒకప్పుడు ఇదే సినిమా ఎదురు దిశలో కూడా పనిచేసింది. 1957లో మాయాబజార్‌కు పింగళి నాగేంద్రరావు అసమదీయులు, వీరతాడు లాంటి మాటలు పుట్టించి రాక్షసుల నోట పెడితే, జనం వాటిని ఇళ్ళకు తీసుకుపోయారు. అప్పుడు రాక్షసుల దగ్గర నేర్చుకున్నవి ఆ మాటలు. ఇప్పుడు నేర్చుకుంటున్నది మనుషుల దగ్గర.

ఒక మాట పూర్తిగా మెత్తబడిందో లేదో తెలుసుకోవడానికి నా దగ్గర పరీక్ష ఉంది. మాట్లాడేవాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గిస్తే దానిలో ఇంకా ప్రాణం ఉన్నట్టు. తగ్గించకపోతే సగం పోయినట్టు. చివర 'అండి' తగిలితే మాత్రం ఇక ఆశ లేదు. బూతుకు గౌరవవాచకం తగిలించడం అంటే దానికి శాలువా కప్పి ఇంటికి పంపించడమే. మాస్టారి సభలో ఆ రోజు ఆయనతో పాటు దూలకు కూడా పదవీ విరమణ జరిగింది. గమనించినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఇంతకీ ఈ కరువు నాకు ఎక్కడ తగిలిందంటే, మొన్న ఒక కుర్రవాడు బండి వెనక్కి తీస్తూ నా కాలి మీదికి ఎక్కించాడు. ఒళ్ళు మండిపోయింది. నోరు తెరిచాను. తీరా చూస్తే అన్నీ ఖాళీ తూటాలే. దూల అంటే జాలిపడతాడు. బొంగు అంటే నవ్వుతాడు. తోపు అంటే థాంక్స్ చెబుతాడు. అర నిమిషం వెతుక్కుని, మా తాత వాడుతుండగా విన్న మాట ఒకటి దుమ్ము దులిపి బయటికి తీశాను.

"ఒరేయ్ అప్రాచ్యుడా!" అన్నాను.

కుర్రవాడు బండి ఆపాడు. హెల్మెట్ తీశాడు. వాడి ముఖంలో నేను ఏళ్ళుగా చూడని ఆశ్చర్యం కనిపించింది. పని చేసింది అనుకున్నాను.

"భలే ఉంది అంకుల్. ఏ సినిమాలోది?" అన్నాడు.

నేను జవాబు చెప్పేలోపే వెనక సీట్లో ఉన్న స్నేహితుడి వైపు తిరిగి, "దిగి అంకుల్ కాలు చూడరా అప్రాచ్యుడా" అన్నాడు, ఎంతో ప్రేమగా. ఆ స్నేహితుడు దిగి, నా కాలు చూసి, చేతులు కట్టుకుని చెప్పాడు.

"సారీ అంకుల్, వీడు ఉత్త అప్రాచ్యుడండీ."