ఆకుపచ్చ గీత చూడండి సార్

మాది పశువుల దాణా అమ్మే కంపెనీ. ఆఫీసు విజయనగరంలో, అమ్మకాలు శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో. ఆ అమ్మకాలకి చార్టులు గీసేది ఇక్కడున్న మేం, ఎలా గీయాలో చెప్పేది హైదరాబాద్‌లో కూర్చున్న మా టీమ్ లీడ్ మేడమ్. ఆవిడ ఈ మధ్య డిజైనర్లందరికీ ఒక మెయిల్ పెట్టారు. "ఇకపై కంపెనీ చార్టులన్నీ ఒకేలా కనిపించాలి" అని సబ్జెక్టు. ఆ మాట నిజమైన తీరు చెప్తాను.

మెయిల్ రావడానికి కారణం మాత్రం న్యాయమైనదే. ఎవరో ఎక్సెల్‌లో రెండు బార్లతో ఒక చార్టు చేశారు, ఒక నెల 78 టన్నులు, తర్వాతి నెల 82. అంకెలు అంత దగ్గరగా ఉంటే ఎక్సెల్ తనంతట తనే స్కేలుని సున్నా దగ్గర కాకుండా ఎక్కడో పైన మొదలుపెట్టేస్తుంది, ఇందులో 75 దగ్గర మొదలైంది. అంటే కంటికి కనిపించేది ఒక బారు 3, ఇంకో బారు 7. పెరిగింది నాలుగు టన్నులు, చూసినవాళ్లకి మాత్రం అమ్మకాలు రెండింతలు దాటినట్టే. ఎండీ గారు ఆ ఆనందంలో అందరికీ బిర్యానీ తెప్పించారు, ఆ బిర్యానీ బిల్లు చూశాక అకౌంట్స్ వాళ్లు లెక్క తీశారు, లెక్క తీశాక మెయిల్ వచ్చింది.

రూల్స్ అన్నీ చిన్నవే. బార్ చార్టు స్కేలు సున్నా నుంచే మొదలవ్వాలి, ఎందుకంటే బారులో మనిషి చూసేది ఎత్తే కాబట్టి. గీతల చార్టుకి అంత పట్టింపు లేదు, అక్కడ చూసేది వాలు. త్రీడీ వద్దు. మిలియన్లు వద్దు, లక్షలు, కోట్లే. గీతల మీద అంకెలు, పేర్లు రాయొద్దు, గజిబిజిగా ఉంటుంది, ఏ రంగు ఏ జిల్లాదో కింద చిన్న పెట్టెలో చూపిస్తే చాలు. ఆఖరిది రంగుల రూలు: ఒక జిల్లాకి ఒక రంగు ఇచ్చాక ప్రతి చార్టులోనూ అదే ఉండాలి, మార్చడానికి వీల్లేదు. చూసేవాళ్లకి అలవాటైపోతే పెట్టె చూడకుండానే చదివేస్తారట. ఇదీ మంచి మాటే, ఒప్పుకుంటాను. శ్రీకాకుళానికి నీలం `#1F77B4`, విజయనగరానికి ఎరుపు `#D62728`, మన్యానికి ఆకుపచ్చ `#2CA02C`. చార్టులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ వాడేవాళ్లకి ఇవి రోజూ కనిపించే రంగులే, ఆవిడ అక్కడినుంచే తెచ్చుకున్నారు, కానీ మెయిల్‌లో మాత్రం దానికో కవిత్వం జోడించారు. శ్రీకాకుళానికి సముద్రం ఉంది కాబట్టి నీలం, మన్యానికి కొండలున్నాయి కాబట్టి ఆకుపచ్చ. విజయనగరానికి ఎరుపు ఎందుకో రాయలేదు. మా విజయనగరం ఏరియా మేనేజర్ గారు అది చదివి, "మాకు సముద్రం లేదేటి? భోగాపురం ఏ జిల్లాలో ఉందో ఆవిడకి తెలీదేటి?" అని రెండు రోజులు అలిగారు.

నేను అలగలేదు. పైగా మెయిల్‌ని ప్రింటు తీసి గోడకి అంటించాను. పక్క సీటు కుర్రాడు కొంచెం వేరే ఆకుపచ్చ వాడితే కోడ్ సరిచూసి మరీ మందలించాను. రూల్స్ పెట్టినవాళ్లకంటే పాటించేవాళ్లకి పట్టుదల ఎక్కువ ఉంటుంది కదా, ఆ రకం.

తర్వాత సమీక్షా సమావేశం వచ్చింది. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా మూడు జిల్లాల అమ్మకాలు, మూడు గీతల చార్టు. నేనే గీశాను. స్క్రీన్ మీద చూస్తే ముచ్చటేసింది, తెల్లటి బ్యాక్‌గ్రౌండ్, సన్నటి గీతలు, కింద పెట్టెలో మూడు చిన్న గుర్తులు. సమావేశం మొదలయ్యే వేళకి ప్రొజెక్టర్ వెలగలేదు. మా ప్రొజెక్టర్‌ది అదే పద్ధతి, పని లేనప్పుడు బ్రహ్మాండంగా వెలుగుతుంది. సరే, అందరికీ తలా ఒక ప్రింటు ఇద్దామన్నారు. ఆఫీసులో ఉన్నది నలుపు తెలుపు లేజర్ ప్రింటరు. మూడు లాంతర్ల జంక్షన్ దగ్గరకి పరిగెత్తి కలర్ ప్రింట్లు తీయించుకొస్తానంటే, దానికి బడ్జెట్ హెడ్ లేదన్నారు అకౌంట్స్ వాళ్లు. బిర్యానీ దెబ్బ వాళ్లకింకా తగ్గలేదు.

కాగితాలు పంచాను. నా కాపీ చేతిలో పట్టుకుని, చార్టు నాకు కంఠతా వచ్చు కాబట్టి దాని వంక కూడా చూడకుండా, గొంతు సవరించుకుని అన్నాను, "సార్, ఆకుపచ్చ గీత చూడండి, ఎలా పైకి వెళ్లిందో!"

గదిలో పదిమంది కాగితాల్లోకి తలలు దించారు. ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే వాళ్లూ కాసేపు ఆగారు. ఆకుపచ్చ గీత చూడండి అని ఒక మనిషి అంత నమ్మకంగా చెప్తే, లేదని చెప్పడానికి ఎదుటివాళ్లకి మొహమాటం. ఎండీ గారు కాగితం తిప్పి వెనకవైపు చూశారు. అక్కడా లేదు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. స్టోర్స్ ఆయన కాగితాన్ని ట్యూబ్‌లైటుకి అడ్డంగా ఎత్తి పట్టుకున్నాడు, నోటులో గాంధీ గారిని వెతికినట్టు. నేనింకా చెప్పుకుంటూ పోతున్నాను, "ఎర్ర గీత చూస్తే సార్, నిలకడగా ఉంది, నీలం మాత్రం జూలై తర్వాత..." అప్పటికి శ్రీకాకుళం ఏరియా మేనేజర్ గారు మెల్లగా అన్నారు, "బాబూ, నీ కాగితంలో రంగులున్నాయేటి? ఉంటే అదిలా ఇవ్వు."

చూసుకున్నాను. మూడూ బూడిద గీతలే. కింద పెట్టెలో మూడు బూడిద గుర్తులు, ఒకదాని పక్కన శ్రీకాకుళం, ఒకదాని పక్కన విజయనగరం, ఒకదాని పక్కన మన్యం.

బార్లయితే ఇంత ప్రమాదం ఉండేది కాదు, పెట్టెలో ఉన్న వరసలోనే బార్లూ ఉంటాయి కాబట్టి లెక్కపెట్టి పోల్చుకోవచ్చు. గీతలకి ఆ వరస ఉండదు. పైగా నా మూడు గీతలూ జూలైలో 60 టన్నుల దగ్గర ముడిపడ్డాయి. ముడిలోకి మూడు గీతలు వెళ్లాయి, మూడు బయటికొచ్చాయి, ఏది ఏ దారిన వచ్చిందో చెప్పేది రంగొక్కటే. నిజానికి జరిగింది ఇదీ: ఏప్రిల్‌లో 70 టన్నులతో పైనున్న శ్రీకాకుళం సెప్టెంబర్‌కి 52కి దిగిపోయింది, 45తో అడుగున మొదలైన మన్యం 68కి ఎక్కింది, విజయనగరం మధ్యలో 60 దగ్గరే ఉండిపోయింది. ఏప్రిల్‌లో శ్రీకాకుళమే ముందుందని గదిలో అందరికీ గుర్తుంది. ఇక మిగతాది ఆ మేనేజర్ గారు వేలితో పూర్తి చేశారు. పై గీత మీద వేలు పెట్టి, ముడి దాకా వచ్చి, ముడి దాటాక మళ్లీ పై గీతే పట్టుకుని సెప్టెంబర్ దాకా లాగేశారు. "మొదట్నుంచీ మేమే పైన సార్. మధ్యలో కాస్త తగ్గాం, మళ్లీ లేచాం." ఎండీ గారు మెచ్చుకోలుగా తలాడించారు.

మన్యం మేనేజర్ గారు లేచారు. "సార్, అది మాది! మేం 68 చేశాం!" అన్నారు. "అంకె ఎక్కడుందయ్యా?" అన్నారు ఎండీ గారు. అంకెలు వద్దని రూలు. అందరూ నా వంక చూశారు. నేను మన్యం వైపే చెప్పాను, కానీ ఆకుపచ్చ గీత చూడమన్న మనిషి సాక్ష్యానికి అప్పటికే విలువ పోయింది. విజయనగరం ఆయన మాత్రం నోరు విప్పలేదు. మధ్య గీత మధ్యలోనే ఉంటుంది కదా, దానికి వివాదం లేదు, సముద్రమూ లేదు.

లాప్‌టాప్ తెచ్చి చూపించే లోపు టీ వచ్చింది, టీ తర్వాత వేరే విషయాలొచ్చాయి.

సాయంత్రం కూర్చుని ఆ మూడు రంగులూ బూడిదగా మారితే ఎంతెంత వస్తాయో లెక్కేశాను. దానికో పాత సూత్రం ఉంది:

```
0.299*R + 0.587*G + 0.114*B
```

R, G, B అంటే ఆ రంగులో ఉన్న ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు. మన కంటికి ఆకుపచ్చ ఎక్కువ వెలుగుగా, నీలం తక్కువ వెలుగుగా కనిపిస్తాయి కాబట్టి ఆ తూకాలు. సున్నా అంటే కటిక నలుపు, 255 అంటే తెల్ల కాగితం. మేడమ్ గారి నీలం సుమారు 100, ఎరుపు 91, ఆకుపచ్చ 112. ప్రింటరుని బట్టి కాస్త అటూ ఇటూ అవుతాయి గానీ, సన్న గీతలో ఆ తేడా ఎవరి కంటికీ ఆనదు. స్క్రీన్ మీద కొట్టొచ్చినట్టు వేరుగా కనిపించే రంగులకి వెలుగు మాత్రం దాదాపు ఒకటే. ఎరుపు, ఆకుపచ్చ అయితే స్క్రీన్ మీద కూడా కొందరు, ముఖ్యంగా మగవాళ్లలో కొందరు, పోల్చుకోలేరు, అది వేరే సంగతి.

ముదురు నీలం `#1B2A6B` వేసి చూస్తే 45 వచ్చింది, నారింజ `#E07B00` వేస్తే 139. ఈ రెండూ కాగితం మీద హాయిగా విడిపోయాయి. మూడోదానికి లేత పసుపు వేశాను, 211 వచ్చింది, అది తెల్ల కాగితంలో కలిసిపోయి మన్యం జిల్లా మొత్తం మాయమైంది. అంటే రంగుల్తోనే నెట్టుకొద్దామంటే రెండుకి మించి కష్టం, మూడో గీతని తెంపులు తెంపులుగా వేయాల్సిందే. వీటన్నిటికంటే తేలిక, గీత చివర జిల్లా పేరు రాసేయడం. పెట్టె అక్కర్లేదు, వేలు అక్కర్లేదు. ప్రింట్ ప్రివ్యూలో నలుపు తెలుపు పెట్టి ఒక్కసారి చూసినా ఇదంతా ముందే తెలిసిపోయేది.

ఈ లెక్కంతా, రెండు ప్రింట్ల ఫోటోలతో సహా, మేడమ్‌కి మర్యాదగా మెయిల్ పెట్టాను. జవాబు వెంటనే వచ్చింది. "రంగులు ఖరారయ్యాయి, మార్చలేం. మన చార్టులు స్క్రీన్ కోసం ఉద్దేశించినవి. ప్రింటు తప్పనిసరి అయితే కలర్‌లో తీయండి." అకౌంట్స్ వాళ్లని కాపీలో పెట్టారు. వాళ్ల జవాబు కూడా వెంటనే వచ్చింది, కలర్ ప్రింటుకి మూడు కొటేషన్లు తెమ్మని.

కొటేషన్ల కోసం బయల్దేరుతుంటే శ్రీకాకుళం మేనేజర్ గారు ఫోన్ చేశారు. "బాబూ, రంగులు మారుస్తావంట కదా? ఎందుకమ్మా శ్రమ, మొన్నటిది బాగానే ఉంది. వచ్చే మీటింగుకీ అలాగే తీసీ. ఆ జూలై ముడి మాత్రం కదపకు."